‘లు’ ఎక్కడ చేరాలి, ఎక్కడ ఆగాలి?

పెళ్ళిలో చదివింపులు రాసేవాళ్ళ నోట ‘వెయ్యి నూటపదహార్లు’ అన్న మాట వింటుంటాం. పదహారుకు ‘లు’ ఎలా వచ్చింది? ఆ ‘లు’ నిజానికి రూపాయిది. రూపాయి అన్న మాట పైకి అనలేదు కాబట్టి అది అంకెను పట్టుకుంది. రూపాయి పేరు ఎత్తితే అంకె మళ్ళీ మామూలైపోతుంది: ‘వెయ్యి నూటపదహారు రూపాయలు’. అంతేగానీ ‘నూటపదహార్లు రూపాయలు’ అని మాత్రం ఎవరూ అనరు. బడి మొహం చూడని వాళ్ళకు కూడా ఈ లెక్క తప్పదు. తప్పేది ఎక్కువగా కాగితం మీదే.

అంకె చెప్పాక మళ్ళీ బహువచనం దండగ కదా అనే వాదన ఒకటి ఉంది. పది అంటేనే ఒకటి కాదని తెలుస్తోంది, ఇక చెట్టుకు ‘లు’ ఎందుకని. పొరుగున తమిళంలో ‘పత్తు మరం’ అంటే చెల్లుతుంది. తెలుగులో ‘పది చెట్టు’ చెల్లదు. పది చెట్లు, కొన్ని చెట్లు, ఎన్నో చెట్లు, ఇరవయ్యొక్క చెట్లు. చివర ఒకటి ఉన్నా సరే, మొత్తం ఒకటి దాటితే బహువచనమే. కాబట్టి అంకె తర్వాత ‘లు’ రావడం పునరుక్తి కాదు, అది మన భాష పద్ధతి. పునరుక్తి వేరేచోట ఉంది. మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు అది బాగా కనబడుతుంది.

తెలుగులో పరిమాణం అడిగే మాటలు మూడు: ఎంత, ఎన్ని, ఎందరు. లెక్కకు రాని ముద్దకు ‘ఎంత’, లెక్కించగల వస్తువులకు ‘ఎన్ని’, మనుషులకు ‘ఎందరు’. కొంత, కొన్ని, కొందరు కూడా ఇదే వరస. అందుకే కాస్త అన్నం పెట్టమంటాం, కాసిన్ని నీళ్ళు ఇమ్మంటాం. అన్నం ఏకవచనం, నీళ్ళు ఎప్పుడూ బహువచనమే.  

ఇప్పుడు ‘మంది’ సంగతి చూడండి. మనుషుల గురించే అయినా ‘ఎందరు మంది’ అనం, ‘ఎన్ని మంది’ అనం, ‘ఎంతమంది’ అంటాం. అంటే ఆ మాట అన్నం లాగా ముద్దగా ఉండే మాట. మంది అంటే జనం, గుంపు. తెలంగాణలో ‘మంది సొమ్ము’ అన్నప్పుడు ఆ అర్థం ఇంకా తాజాగా వినిపిస్తుంది. గుంపు మాట కాబట్టే దానికి ‘లు’ అక్కర్లేదు, పదిమంది అంటే చాలు. ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు అన్నవి అలా కాదు. వీటిలో అంకే కాక మనుషులన్న భావం కూడా ఇమిడి ఉంది. వాటి పక్కన మళ్ళీ ‘మంది’ పెట్టి ‘నలుగురు మంది’ అంటే మనుషుల్ని రెండుసార్లు చెప్పినట్టు. ‘పలువురు మంది’, ‘కొందరు మంది’ కూడా అంతే. ఏడుగురు దాటాక ఎనమండుగురు, తొమ్మండుగురు, పదుగురు అన్న రూపాలు ఇవాళ వాడుకలో బాగా తగ్గాయి. ఎనిమిదిమంది, తొమ్మిదిమంది అనడమే మామూలు. ఈ రెండు వరసలూ ఒకదాని పక్కన ఒకటి ఉండటం వల్లనే కలగాపులగం అవుతోందని నా అనుమానం.

‘ముగ్గురు పిల్లలు వచ్చారు’ అన్న వాక్యంలో మాత్రం మార్చాల్సింది ఏమీ లేదు. అంకెలో, పేరులో, క్రియలో మూడుచోట్లా బహువచనమే ఉంది. అది పొత్తు కుదరడం. ‘ముగ్గురు పిల్ల వచ్చింది’ అని తగ్గించబోతే వాక్యమే విరిగిపోతుంది.

రెండో చిక్కు ‘లు’కీ ‘ల’కీ మధ్య. నేను కూర్చిన ఈ వార్త చూడండి. ఇలాంటివి మనం తరచూ చదువుతూనే ఉంటాం. “సభకు రెండు వందలు మంది రైతులు, పలువురు మంది నాయకులు వచ్చారు. నలుగురు మంది సభ్యులతో కమిటీ వేశారు. ప్రతి రైతులకు 50 కిలోలు ఎరువులు బస్తాలు రెండేసి ఇస్తారు.”

ఇందులో వంద అన్నది తన తర్వాతి మాటను ఆనుకుని ఉంది, కనుక ‘రెండు వందల మంది’ కావాలి. పలువురు, నలుగురు పక్కన ‘మంది’ పోవాలి. ‘ప్రతి’ ఒక్కొక్కరినీ విడిగా చూపే మాట, దాని వెంట ఏకవచనమే: ప్రతి రైతుకూ. ఇక ఆఖరి వాక్యంలో అసలు లెక్కపెడుతున్నది బస్తాలను. కిలోలూ ఎరువూ ఆ బస్తా ఎలాంటిదో చెప్పడానికి వచ్చాయి. అందుకని ‘లు’ బస్తాకే నిలిచి, ముందున్నవి ‘ల’ అవుతాయి: “ప్రతి రైతుకూ 50 కిలోల ఎరువుల బస్తాలు రెండేసి ఇస్తారు.” పాలు కొనేటప్పుడూ ఇదే సూత్రం: రెండు పాల ప్యాకెట్లు. పెద్ద మొత్తాల్లో ఈ ‘ల’ వరసగా వస్తుంది: రెండు లక్షల ముప్పై వేల అయిదు వందల రూపాయలు. లక్ష, వెయ్యి, వంద మూడూ విడివిడిగా లెక్కకు వచ్చాయి కనుక మూడింటికీ బహువచనం న్యాయమే. లక్ష ఒక్కటే అయితే ‘లక్షా ముప్పై వేల రూపాయలు’.

అయితే పేరు ముందు ‘లు’ కనబడగానే ‘ల’గా దిద్దేయకూడదు. ‘మూడు రోజులు వాన పడింది’ అంటే వాన ఎన్నాళ్ళు పడిందో చెప్పడం. అక్కడ రోజులు ఆనుకున్నది వానను కాదు, పడటాన్ని. ‘మూడు రోజుల వానకు చెరువు నిండింది’ అన్నప్పుడు వాననే ఆనుకుంది.

బహువచనం అక్కర్లేని చోట్లూ కొన్ని ఉన్నాయి. శాతం ఎంతైనా శాతమే, ‘పది శాతాలు’ అనం. హోటల్లో ‘రెండు ఇడ్లీ, మూడు టీ’ అని చెప్పినా, బస్సులో ‘రెండు విజయవాడ’ అని టికెట్ అడిగినా తప్పు పట్టాల్సిన పని లేదు. అక్కడ మాట సరుకు పేరుగానే నిలబడుతుంది. ఇంగ్లిష్ మాటల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. ‘టికెట్స్‌లు’, ‘ఫ్రెండ్స్‌లు’ అన్నప్పుడు ఆ భాష బహువచనం మీద మన బహువచనం ఎక్కుతోంది. ముందు ‘ఒక’ పెట్టి చూస్తే తేలిపోతుంది. ఒక టికెట్ అంటాం, కనుక టికెట్లు. చిప్స్ మనకు అలాగే దిగి సరుకు పేరుగా స్థిరపడింది. దాన్ని కదపక్కర్లేదు, రెండు చిప్స్ ప్యాకెట్లు.

బహువచనం ఉందా లేదా అన్నదాని మీదే అర్థం నిలిచే చోటు కూడా ఉంది. ‘పది రూపాయి నోట్లు’ అంటే ఒక్కో రూపాయి నోట్లు పది. మొత్తం పది రూపాయలు. ‘పది రూపాయల నోట్లు’ అంటే ఒక్కొక్కటీ పది రూపాయలది, ఎన్ని నోట్లో ఇంకా చెప్పనే లేదు. ‘పది రూపాయల నోట్లు పది’ అంటే అప్పుడు వంద రూపాయలు.