చంపే మందు, ఆపే మందు

క్లోరాంఫెనికాల్ ఈ.కోలై బ్యాక్టీరియాను సాధారణంగా చంపదు. ప్రొటీన్ల తయారీని అడ్డుకుని, పెరగకుండా ఆపుతుంది. అక్కడ నిలిచిపోయిన క్రిములను ఏరివేయాల్సింది మన రోగనిరోధక శక్తే. సిప్రోఫ్లాక్సాసిన్ అలా కాదు, డీఎన్ఏను తెంచి చంపేస్తుంది.

ఈ తేడాను చూపేది టైమ్-కిల్ గ్రాఫ్. మూడు గొట్టాల్లో మిల్లీలీటరుకు సుమారు 5 లక్షల బ్యాక్టీరియా వేస్తారు. ఒకదాంట్లో మందు ఉండదు, మిగతా రెండింట్లో చెరొక మందు. కొన్ని గంటలకోసారి చుక్క తీసి, పలుచన చేసి, పోషక పదార్థమున్న పళ్లెంపై పరుస్తారు. మర్నాటికి బతికున్న ప్రతి క్రిమీ ఒక చుక్కలా కనిపించే గుంపు అవుతుంది. వందరెట్లు పలుచన చేసి 0.1 మిల్లీలీటరు పరిస్తే 50 గుంపులు వచ్చాయనుకోండి. అంటే మిల్లీలీటరుకు 50 వేలు బతికున్నట్టు.

మందులేని గీత పైకి ఎగబాకుతుంది. క్లోరాంఫెనికాల్ గీత దాదాపు అడ్డంగా సాగుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ గీత నిటారుగా పడిపోతుంది. 24 గంటల్లో 5 లక్షలు 500కు, అంటే వెయ్యో వంతుకు తగ్గితేనే దాన్ని చంపే మందు అంటారు.

ఇక్కడ ఒక మోసం జరగొచ్చు. చుక్కతోపాటు మందు కూడా పళ్లెంలోకి వస్తే, బతికున్నవీ పెరగక చచ్చినట్టే కనిపిస్తాయి. బాగా పలుచన చేసేది అందుకే.

పైగా ఈ ముద్ర మందుకు శాశ్వతం కాదు. ఇదే క్లోరాంఫెనికాల్ న్యుమోకోకస్‌ను చంపగలదు. చాలా ఇన్ఫెక్షన్లలో ఆపే మందూ చక్కగా నయం చేస్తుంది. గుండె కవాటాలకు సోకినప్పుడు మాత్రం వైద్యులు చంపే మందునే కోరుకుంటారు, అక్కడికి తెల్ల రక్తకణాలు సరిగా చేరలేవు కాబట్టి.