రాజ్యానికి చదువొచ్చా, రాదా?

కథలు రాయడం నేర్పే కార్యశాలల్లో ఒక అభ్యాసం ఉంటుంది. రోజుకో ప్రాంప్ట్ ఇస్తారు. ఒకరోజు 'మీ పాత్ర ఎప్పుడూ చెయ్యని పని' అంటారు. ఇంకో రోజు 'ట్రంకుపెట్టె అడుగున దొరికిన వస్తువు' అంటారు. పాత్ర మాత్రం ఒకటే. వారం గడిచేసరికి చేతిలో చిన్నచిన్న సన్నివేశాలు మిగులుతాయి. వాటన్నిటినీ కలిపి కథ చేద్దామని కూర్చున్నప్పుడు, ఒకచోట రాసిన మాట ఇంకోచోట రాసినదానికి అడ్డం తగులుతుంది. చాలామంది వెంటనే ఒకటి కొట్టేస్తారు. కొట్టెయ్యడానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ రెండు మాటల్లో ఒకటి ఆ పాత్ర లోకానికి చెబుతున్న అబద్ధమేమో?

ఒక ఉదాహరణ తీసుకుందాం. రాజ్యం అనే ఆవిడ బస్టాండు పక్కన ఇడ్లీల బండి నడుపుతుంది. కాలం 1980లు. మొదటి ప్రాంప్టుకు రాసిన సన్నివేశంలో ఆవిడకు చదువు రాదు. ఇన్‌ల్యాండ్ కవరు వస్తే పక్కింటి కుర్రాణ్ణి పిలిచి చదివించుకుంటుంది. రెండో ప్రాంప్టుకు రాసినదాంట్లో, ఆవిడ పెట్టె అడుగున బట్టల కింద ఒక నోటుపుస్తకం దొరుకుతుంది. బియ్యం ఎంత, మినప్పప్పు ఎంత, ఎవరు ఎంత బాకీ, అన్నీ ఆవిడ చేతిరాతే. ఈ రెండూ రాసినప్పుడు రచయితకు ఒకటి గుర్తుంటే రెండోది గుర్తులేదు.

సులువైన సర్దుబాటు ఒకటుంది. మొదట్లో రాదు, తర్వాత నేర్చుకుంది అనొచ్చు. తప్పేం లేదు గానీ, కథకు దానివల్ల కొత్తగా వచ్చేదీ లేదు. రెండు సన్నివేశాలకూ చెరో తారీఖు వేసి పక్కకు తప్పుకున్నట్టే. రెండూ ఒకే రోజున నిజమని పట్టుబడితేనే అసలు ప్రశ్న పుడుతుంది. చదువొచ్చిన మనిషి రాదని ఎందుకు చెబుతోంది? అందులోనూ, అలా చెప్పకపోతే ఆవిడకు పోయేదేమిటి? రహస్యానికి వెల ఉండాలి. సిగ్గు, మొహమాటం లాంటివి మొదట తోస్తాయి గానీ, వాటికోసం మనిషి ఇరవై ఏళ్లు ఒక అబద్ధాన్ని మొయ్యదు.

వెల ఎక్కడుందో వెతుకుతూ పోతే చదువు రాకపోవడం మనిషికి లాభించే చోటు ఒకటి కనబడుతుంది. అది దస్తావేజు. రాజ్యం తండ్రి వీలునామా రాయకుండా పోయాడనుకుందాం. ఉన్నది ఆయన స్వార్జితం, రెండెకరాలు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అందులో కొడుకుతో సమానంగా కూతుళ్లకూ వాటా ఉంది. అందుకే భూమంతా తన పేరు మీదికి రావాలంటే అన్నకు చెల్లెళ్లిద్దరి చేతా హక్కు విడుదల దస్తావేజు రాయించుకోవడం అవసరం. పట్టా మార్పు కాగితమని చెప్పి ఇద్దర్నీ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లాడు. చిన్నది నిజంగానే చదువు రానిది. కాగితం చూసి "ఏం రాశారే అక్కా?" అని అడిగింది. రాజ్యం అప్పటికే మొత్తం చదివేసింది. తన కొడుకు హాస్టలు ఖర్చు భరిస్తానని అన్న ముందురోజే మాటిచ్చాడు. "మనకేం తెలుస్తుందే" అని, సంతకం చెయ్యగల చేత్తో వేలిముద్ర వేసింది. అక్కను చూసి చెల్లెలూ వేసింది.

ఇప్పుడు రాజ్యం బతికున్నంతకాలం నిశానీదారుగానే ఉండాలి. చదువొచ్చని తెలిసిన రోజున, ఆ మాట అబద్ధమని చెల్లెలికి తెలిసిపోతుంది.

ఇంతవరకూ ఊహ. ఇక్కడినుంచి తనిఖీ. రహస్యం దొరకగానే వెనక్కి వెళ్లి రాసినవన్నీ దాని పక్కన పెట్టి చదవాలి. మొట్టమొదట వచ్చే చిక్కు: ఒకే ఇంట్లో పెరిగిన చెల్లెలికి అక్క బడికెళ్లిందో లేదో తెలియదా? ఎదుటివాళ్లు మూర్ఖులైతేనే నిలబడే రహస్యం రహస్యం కాదు. కాబట్టి పుట్టింట్లో రాజ్యం చదువుకోలేదు. పెళ్లై వెళ్లాక, కొడుకు ఒకటో తరగతిలో పలక మీద అక్షరాలు దిద్దుతుంటే పక్కన కూర్చుని, వాడు నిద్రపోయాక తనూ దిద్దుకుంది. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అప్పటికి అందులో దాచడమేమీ లేదు. దస్తావేజు రోజునే అది రహస్యమైంది. చెల్లెలికి ఎందుకు తెలియదో దీంతో తేలింది, ఒక్క పాత వాక్యం కూడా మార్చనక్కర్లేకుండా.

నాకు ఈ పద్ధతిలో ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. మంచి రహస్యం పాత సన్నివేశాలను చెరపదు, వాటికి రెండో అర్థం ఇస్తుంది. కుర్రాడు ఉత్తరం చదివే సన్నివేశం అలాగే ఉంటుంది. ఒక్క చిన్న చేర్పు చాలు: కవరు వాడి చేతికిచ్చేటప్పుడు ఆవిడ దాన్ని తిన్నగా, అక్షరాలు సరిగ్గా ఉండేట్టు తిప్పి ఇస్తుంది. మొదటిసారి చదివేవాళ్లు పట్టించుకోరు. అలాంటి జాడలు రెండు చాలు. నాలుగైదు పెడితే పాఠకుడు మూడో పేజీలోనే కనిపెట్టేస్తాడు.

మహాభారతంలో ఈ పని ఎంత పొదుపుగా జరిగిందో చూడండి. కర్ణుడు బ్రాహ్మణుణ్ణని చెప్పి పరశురాముడి దగ్గర అస్త్రవిద్య నేర్చుకుంటాడు. ఒకనాడు గురువు తన ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతుండగా పురుగు తొడను తొలుస్తుంది. గురువుకు నిద్రాభంగం కాకూడదని కర్ణుడు కదలడు. నెత్తురు తగిలి లేచిన పరశురాముడు, ఇంత బాధ ఓర్చినవాడు బ్రాహ్మణుడు కాడని తేల్చేస్తాడు. చెప్పిన కులమొకటి, చూపిన ఓర్పొకటి. ఎవరూ చాడీ చెప్పలేదు, సాక్ష్యం తేలేదు. శిష్యుడి భక్తే అతణ్ణి పట్టించింది. సుగుణం వల్ల బయటపడే రహస్యానికి ఉండే బలం, పొరపాటున బయటపడేదానికి ఉండదు.

ప్రతి వైరుధ్యమూ ఇందుకు పనికిరాదు. షెర్లాక్ హోమ్స్ కథల్లో డాక్టర్ వాట్సన్ గాయం 1887 నాటి మొదటి నవలలో భుజానికి, 1890లో వచ్చిన రెండోదాంట్లో కాలికి. ఆయన పేరు జాన్ అయితే, ఒక కథలో భార్య జేమ్స్ అని పిలుస్తుంది. పేరు మధ్యలోని 'హెచ్' అనే పొడి అక్షరం హామిష్ అయి ఉంటుందని, అది జేమ్స్‌కు స్కాట్లండు రూపమని డొరొతీ సేయర్స్ అనే రచయిత్రి ఒక ముచ్చటైన సమాధానం ఇచ్చింది. అది తెలివైన సర్దుబాటే, కానీ రహస్యం కాదు. పేరు ఏదైనా, గాయం ఎక్కడున్నా వాట్సన్ దాచి సంపాదించేదేమీ లేదు. అలాంటివి మన ప్రతిలో కనబడితే దిద్దుకోవడమే మేలు. ఒక పాత్రకు అలాంటి రహస్యం ఒకటే ఉండాలన్నది కూడా నా అభిప్రాయం. రెండోది చేరిందంటే పాఠకుడు మనిషిని వదిలేసి చిక్కుముడుల వెంట పడతాడు.

రహస్యం కుదిరిందా లేదా అన్నది దాన్ని తీసేసి చూస్తే తెలుస్తుంది. తీసేసినా కథ అలాగే నడిస్తే అది అలంకారమే. రాజ్యం కథలో నడవదు. చెల్లెలి ఊరినుంచి కవరొస్తుంది, చెల్లెలి కూతురు రాసింది. కుర్రాడు రాకముందే రాజ్యం చదివేసింది: చెల్లెలు మంచం పట్టింది, అక్కను చూడాలంటోంది. కుర్రాడొచ్చి చదువుతూ, ముసలావిడ కంగారు పడుతుందని జాలిపడి ఆ రెండు వాక్యాలూ దాటేస్తాడు. "అంతా కులాసానే అత్తా" అంటాడు. "ఇంకేం రాయలేదురా?" అని ఆవిడ రెండుసార్లు అడుగుతుంది. వాడు లేదంటాడు. తెల్లవారి బస్సెక్కితే, ఎవరు చదివి చెప్పారో చెల్లెలికి జవాబు చెప్పుకోవాలి. ఎక్కకపోతే చెల్లెల్ని చూడటం కుదరకపోవచ్చు. రచయిత ఇక ప్రాంప్ట్ కోసం ఎదురు చూడనక్కర్లేదు. రాజ్యం బండి తెరుస్తుందా, బస్టాండులోకి వెళ్తుందా అన్నది రాయడమే మిగిలింది.