ముప్పావు గోల్ లెక్క

2018 జూన్ 18న రష్యాలోని వోల్గోగ్రాడ్‌లో ప్రపంచకప్ మ్యాచ్ జరుగుతోంది. తొంభై నిమిషాలు అయిపోయాయి. ఇంగ్లండ్, ట్యునీషియా చెరో గోల్‌తో సమానంగా ఉన్నాయి. ఆగిన సమయానికి బదులుగా కలిపిన మొదటి నిమిషంలోనే కార్నర్ నుంచి వచ్చిన బంతిని హ్యారీ కేన్ తలతో గోల్‌లోకి కొట్టాడు. ఇంగ్లండ్ 2-1తో గెలిచింది.

ఇప్పుడు లండన్‌లో ఐదుగురు మిత్రులు ఈ మ్యాచ్ మీద చెరో 100 పౌండ్లు పందెం కాశారనుకుందాం. ఐదుగురూ ఇంగ్లండ్ మీదే కాశారు. అయినా కేన్ గోల్ తర్వాత మొదటివాడు 90 పౌండ్లు గెలిచాడు, రెండోవాడు 45 గెలిచాడు. మూడోవాడి డబ్బు అతనికి తిరిగి వచ్చింది. నాలుగోవాడు 50 పోగొట్టుకున్నాడు, ఐదోవాడికి పెట్టిందంతా పోయింది. మ్యాచ్ ఒకటే, జట్టు ఒకటే, ఫలితాలు మాత్రం ఐదు. ఈ తేడాకు కారణం వాళ్లు ఎంచుకున్న హ్యాండిక్యాప్ లైన్లు.

హ్యాండిక్యాప్ అంటే బలమైన జట్టు మీద ముందే పెట్టే బరువు. చిన్నప్పుడు పరుగు పందెంలో తమ్ముణ్ని నాలుగడుగులు ముందు నిలబెట్టేవాళ్లం కదా, అదే పద్ధతి. బలమైన జట్టు చేసిన గోల్స్‌లోంచి కొంత తీసేసి, ఆ తర్వాత ఎవరు గెలిచారో చూస్తారు. తీసేయడాన్ని మైనస్ గుర్తుతో, కలపడాన్ని ప్లస్ గుర్తుతో రాస్తారు. ఇంగ్లండ్‌కు -1 అయితే ట్యునీషియాకు +1. ఇండోనేషియాలో వాడుకలో ఉన్న ఈ పద్ధతికి 1998లో బ్రిటిష్ జర్నలిస్టు జో సామరెజ్ స్మిత్ ఇంగ్లిష్‌లో పెట్టిన పేరు ‘ఏషియన్ హ్యాండిక్యాప్’.

మామూలు పందెంలో గెలుపు, ఓటమి, డ్రా అని మూడు దారులుంటాయి. హ్యాండిక్యాప్‌లో దారులు రెండే. అర గోల్ లైన్ చేసే పని అదే. ఫుట్‌బాల్‌లో అర గోల్ ఎవరూ కొట్టలేరు కాబట్టి -0.5 పెడితే లెక్క సమానం కావడం కుదరదు. మన మొదటి మిత్రుడి లైన్ ఇదే. 2లోంచి అర తీస్తే 1.5 మిగులుతుంది, అది ట్యునీషియా చేసిన 1 కన్నా ఎక్కువ. అందుకే పూర్తి గెలుపు. ఐదోవాడిది -1.5. రెండులోంచి ఒకటిన్నర పోతే మిగిలేది అర గోలే. పూర్తి ఓటమి. మూడోవాడిది -1. రెండులోంచి ఒకటి తీస్తే 1-1, సమానం. అప్పుడు పందెం రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది.

ఇక రెండోవాడి -0.75, నాలుగోవాడి -1.25 మిగిలాయి. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. ముప్పావు తీసేస్తే ఇంగ్లండ్‌కు ఒకటింపావు మిగిలింది, ఒకటి కన్నా పావు ఎక్కువ, కాబట్టి పూర్తిగా గెలిచినట్టే కదా అనుకుంటారు. కానీ పావు లైన్‌లో కోసేది గోల్‌ను కాదు, డబ్బును. -0.75 మీద 100 పౌండ్లు పెడితే ఆ పందెం వెంటనే రెండవుతుంది. 50 పౌండ్లు పక్కనున్న -0.5 మీదకు, మిగతా 50 అవతల పక్కనున్న -1 మీదకు వెళ్తాయి. కొన్ని స్క్రీన్ల మీద దీన్ని -0.5, -1 అని జంటగానే చూపిస్తారు. అర్థం చేసుకోవడానికి అదే తేలిక.

రెండోవాడి చీటీని దగ్గరగా చూద్దాం. రేటు 1.90 అనుకుందాం, అంటే గెలిస్తే పెట్టిన ప్రతి పౌండుకూ అసలుతో కలిపి 1.90 వస్తుంది. -0.5 మీద ఉన్న 50 గెలిచింది, 95 అయ్యింది. -1 మీద ఉన్న 50 సమానమైంది, 50గానే తిరిగొచ్చింది. మొత్తం చేతికి 145, లాభం 45. నాలుగోవాడి -1.25 కూడా ఇలాగే -1, -1.5 అని చీలింది. మొదటి 50 వెనక్కి వచ్చింది, రెండో 50 పోయింది. ఐదు లైన్లకూ ఇక్కడ ఒకే రేటు వేసింది లెక్క తేలిక కోసమే. నిజంగా అయితే బరువు పెరిగేకొద్దీ గెలవడం కష్టమవుతుంది కాబట్టి -1.5కు రేటు ఎక్కువగా, -0.5కు తక్కువగా ఉంటుంది.

ఇంత మెలిక ఎందుకంటే, బుకీకి రెండు పక్కలా డబ్బు సరితూగాలి. -0.5 పెడితే అందరూ ఇంగ్లండ్ వైపే ఎగబడతారు, -1 పెడితే ట్యునీషియా వైపు మొగ్గుతారు అనుకోండి. రెంటికీ మధ్య ఒక చిన్న తూకం రాయి కావాలి. ఆ రాయే -0.75. రెండు పక్కలా రేటు 1.90, చెరో 100 పౌండ్లు వస్తే, పూర్తి ఫలితం తేలినప్పుడు బుకీ 200 తీసుకుని 190 ఇస్తాడు. 10 మిగులుతుంది. ఇంగ్లండ్ సరిగ్గా ఒక గోల్ తేడాతో గెలిస్తే మాత్రం +0.75 వాడి నుంచి 50 తీసుకుని, -0.75 వాడికి 45 ఇస్తాడు. మిగిలేది 5. పందెం సగమే తేలింది కాబట్టి అతని వాటా కూడా సగమే. -1 దగ్గర పందెం రద్దయితే అదీ ఉండదు.

చీటీ చదవడంలో జరిగే పొరపాట్లు ముఖ్యంగా మూడు. మొదటిది యూరోపియన్ హ్యాండిక్యాప్‌తో తికమక. అందులో డ్రా కూడా ఒక దారి, డబ్బు వాపసు ఉండదు. అక్కడ -1 మీద కాసి జట్టు ఒక గోల్ తేడాతో గెలిస్తే మొత్తం పోతుంది. రెండోది సమయం. నాకౌట్ మ్యాచ్‌లలోనూ మామూలుగా తొంభై నిమిషాలు, దానికి కలిపిన ఆగిన సమయం వరకే లెక్క. ఎక్స్‌ట్రా టైమ్ గోల్స్, పెనాల్టీ షూటౌట్ లెక్కలోకి రావు. మూడోది మ్యాచ్ నడుస్తుండగా కాసే పందెం. ఏషియన్ హ్యాండిక్యాప్‌లో, కాసిన క్షణాన్నే 0-0గా పట్టుకుని ఆ తర్వాతి గోల్స్‌నే లెక్కిస్తారు. వోల్గోగ్రాడ్‌లో 1-1 దగ్గర ఎవరైనా -0.5 కాసి ఉంటే గెలిచేవాడే. కానీ ఇంగ్లండ్ 1-0తో ముందున్నప్పుడు కాసినవాడికి ఆ ఆధిక్యం కలిసిరాదు. ఆ తర్వాత చెరో గోల్ పడింది, అంటే అతని లెక్కలో 1-1. స్కోర్‌బోర్డు మీద ఇంగ్లండ్ గెలిచినా అతని -0.5 ఓడింది.

బ్రిటన్‌లో లైసెన్సున్న బుకీ దగ్గర ఇవన్నీ చట్టబద్ధమే. మన దగ్గర కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ అలాంటి చట్టమే చేసింది.

మళ్లీ వోల్గోగ్రాడ్‌కే వద్దాం. ట్యునీషియా మీద +1.25 కాసినవాడు ఒకడుంటే, మన నాలుగోవాడికి అద్దంలో బొమ్మ లాంటివాడు. అతని డబ్బు +1, +1.5 అని చీలింది. మొదటి సగం సమానమై వెనక్కి వచ్చింది, రెండో సగం గెలిచింది. తొంభై నిమిషాల దగ్గర అతనికి పూర్తి గెలుపే, 90 పౌండ్ల లాభం. కేన్ గోల్ దాన్ని సగం చేసింది. మైదానంలో ట్యునీషియా ఓడిపోయింది, అతను మాత్రం 45 పౌండ్ల లాభంతో లేచాడు.