సొరంగంలో పంపిన మెసేజ్

రైలు సొరంగంలో ఉండగా ‘వస్తున్నా’ అని పంపితే ఆ మెసేజ్ ఏమవుతుంది? చాట్ యాప్ డిజైన్ చేయమనే మొబైల్ ఇంజినీర్ ఇంటర్వ్యూలో అసలు పరీక్ష ఇక్కడే.

యాప్ ముందుగా మెసేజ్‌కు తనే ఒక ప్రత్యేక ఐడీ ఇచ్చి, ఫోన్‌లోనే భద్రపరచాలి. సిగ్నల్ రాగానే పంపాలి. మెసేజ్ సర్వర్‌కు చేరినా, ‘అందింది’ అన్న జవాబు దారిలో పోవచ్చు. అప్పుడు యాప్ మళ్లీ పంపుతుంది. ఐడీ పాతదే కాబట్టి సర్వర్ రెండో కాపీ దాచదు, జవాబు మాత్రం మళ్లీ ఇస్తుంది. ఐడీ మారితే అవతలివారికి అదే మాట రెండుసార్లు కనిపిస్తుంది.

వరుసకు ఫోన్ గడియారాన్ని నమ్మకూడదు. అది 5 నిమిషాలు వెనకుంటే జవాబు ప్రశ్నకు పైన కూర్చుంటుంది. అందుకే ప్రతి సంభాషణలో సర్వరే 41, 42 అని వరుస సంఖ్యలు వేయాలి. ఫోన్ ఆన్‌లైన్‌కు రాగానే ‘42 తర్వాతవి’ అడుగుతుంది. 43 లేకుండా 44 వస్తే, మధ్యలో ఒకటి తప్పిందని తెలిసిపోతుంది.