సదస్సు నుంచి వచ్చాక రాసే నాలుగు ముక్కలు

సదస్సులో పెద్ద శాస్త్రవేత్తతోనో, డాక్టరుతోనో పది నిమిషాలు మాట్లాడతాం. కార్డు తీసుకుంటాం. ఇంటికొచ్చాక "మిమ్మల్ని కలవడం చాలా సంతోషంగా ఉంది, మీ మార్గదర్శకత్వం కోరుతున్నాను" అని ఓ మెయిల్ పెడతాం. జవాబు రాదు. వాళ్లకు గర్వమనుకుంటాం గానీ, ఆ రెండు రోజుల్లో వాళ్లు కలిసినవాళ్లు యాభై అరవై మంది ఉంటారు. ఆ మెయిల్ చదివితే మనం ఎవరో గుర్తుకు రాదు, ఏం జవాబివ్వాలో కూడా తెలియదు.

గుర్తుకు రావాలంటే మన పేరు, హోదా చాలవు. ఇద్దరి మధ్య నడిచిన ఏదో ఒక్క మాట కావాలి. ఒక ఉదాహరణ చూద్దాం. ఆదిలాబాద్ జిల్లాలో పనిచేసే ఒక కుర్ర ఏఈఓ పత్తి సదస్సుకు వెళ్లాడనుకుందాం. భోజనాల దగ్గర ఒక కీటక శాస్త్రవేత్తతో గులాబీ రంగు పురుగు గురించి మాట్లాడాడు. రైతులు లింగాకర్షక బుట్టలు కడుతున్నారు గానీ లెక్క రాయడం లేదన్నది అతని బాధ. మర్నాడు ఇలా రాశాడు:

"విషయం: పత్తి సదస్సు – బుట్టల లెక్క గురించి

మేడమ్ గారికి నమస్కారం. నిన్న భోజనాల దగ్గర, పోస్టర్ల పక్కన మీతో మాట్లాడిన ఆదిలాబాద్ ఏఈఓని. మా రైతులు బుట్టలు కట్టి వదిలేస్తున్నారని నేనంటే, 'మీరు కట్టించే నాలుగైదు బుట్టలు పురుగును చంపడానికి కాదు, మందు ఎప్పుడు కొట్టాలో చెప్పడానికి' అన్నారు. వచ్చే వారం నుంచి రెండు పొలాల్లో రోజూ ఉదయం లెక్క రాయిస్తున్నాను. ఒక్క సందేహం: జిన్నింగ్ మిల్లు పక్కనున్న పొలంలో కూడా బుట్టకు ఎనిమిది అన్న లెక్కే పాటించాలా?"

అంతే. దీన్ని చదవడానికి అర నిమిషం చాలు. భోజనాల దగ్గర, పోస్టర్ల పక్కన అనేసరికి ఆవిడకు మనిషి కళ్ల ముందుకొస్తాడు. తను అన్న మాట తనకే తిరిగి వినబడుతుంది. దానితో ఇతను ఏదో పని మొదలుపెట్టాడని కూడా తెలుస్తుంది. నా దృష్టిలో ఈ మూడోదే అన్నిటికన్నా బరువైంది. పొగడ్త ఎవరైనా రాస్తారు.

ఇక ఆ ప్రశ్న. బుట్టకు రోజుకు ఎనిమిది రెక్కల పురుగుల చొప్పున వరసగా మూడు రోజులు పడితే మందు కొట్టాలన్నది పత్తిలో అందరికీ తెలిసిన లెక్క. ఆ లెక్క ఎంత అని అడిగితే ఆవిడకు విసుగొస్తుంది, ఏ కరపత్రంలోనైనా ఉంటుంది కదా. కానీ మిల్లులో నిల్వ ఉన్న పత్తి గింజల్లోంచి కూడా రెక్కల పురుగులు బయటికొస్తాయి. పక్క పొలంలోని బుట్టలో పడినవి చేనువా, మిల్లువా? ఈ చిక్కు పొలంలో నిలబడినవాడికే ఎదురవుతుంది. ఆవిడ "బుట్టను నమ్ముకోకండి, పూలూ కాయలూ కోసి చూడండి" అని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. ఒక వాక్యంలో జవాబివ్వగల ప్రశ్నకు జవాబొచ్చే అవకాశం ఎక్కువ. "పురుగు నివారణపై మీ సలహాలు తెలుపగలరు" అంటే పుస్తకం రాయాలి.

ఇదంతా మర్నాటికి గుర్తుండాలంటే ఒక చిన్న పని చేయాలి. మాట్లాడిన వెంటనే, చేయి కడుక్కునేలోపే అన్నా తప్పులేదు, కార్డు వెనక "బుట్ట, మందు ఎప్పుడు, మిల్లు" అని గీకి పెట్టుకోవాలి. సాయంత్రానికి అన్ని మాటలూ కలగాపులగమైపోతాయి. ఆవిడ అనని మాట ఆవిడ పేరన రాస్తే అసలు రాయకపోవడమే మేలు. సరిగ్గా గుర్తులేకపోతే కొటేషన్ గుర్తులు తీసేసి, "నాకు అర్థమైనంతవరకు" అని రాయొచ్చు.

ఆవిడ ఇంకా అచ్చుకాని ప్రయోగం గురించి చెప్పి ఉంటే ఆ అంకెలు మెయిల్లోకి ఎక్కించకూడదు. ఆ మెయిల్ ఎవరికి ఫార్వర్డ్ అవుతుందో మన చేతిలో ఉండదు. బయోడేటా జతచేయడం కూడా మొదటి ఉత్తరంలో వద్దు. అది చూడగానే పైన రాసిన బుట్టల కథంతా ఉద్యోగం కోసమేనా అనిపిస్తుంది.

మెయిల్ ఒకటి రెండు రోజుల్లోపు వెళ్లాలి. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒక్కసారి గుర్తుచేయొచ్చు. ఆ తర్వాత వదిలేయాలి. ఫోన్ నంబరుంది కదా అని రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పంపేవాళ్లున్నారు. దాంతో ఉన్న గుర్తింపు కాస్తా పోతుంది.

జవాబొచ్చినా రాకపోయినా, పత్తితీతలు అయ్యాక ఆ రెండు పొలాల లెక్కల కాగితం ఫొటో తీసి, "మీరు చెప్పిన లెక్క ఇలా నడిచింది" అని ఒక వాక్యంతో పంపొచ్చు. మిల్లు పక్క బుట్టలో ఏ వారం ఎన్ని పడ్డాయో, అదే వారం కోసి చూసిన కాయల్లో పురుగు ఎంత కనబడిందో ఆ కాగితంలో ఉంటే, ఆ ఉత్తరం ఆవిడకే పనికొస్తుంది.