ఎదుటి ఫొటో నుంచి కింది చూపు, పై చూపు

ఎదురుగా నిలబెట్టి తీసిన ఫొటోలో మనిషి ఎత్తు ఉంటుంది, వెడల్పు ఉంటుంది. లోతు మాత్రం ఉండదు. ముక్కు ఎంత ముందుకు వచ్చిందో, చెవి ఎంత వెనక్కి ఉందో, ఛాతీ ఎటు వాలి ఉందో ఆ ఫొటో చెప్పదు. అదే మనిషిని మోకాళ్ల దగ్గర కూర్చుని పైకి చూసినట్టు గీయాలంటే ఫొటో చెప్పని ఆ మూడో కొలతే కావాలి. చూపు కిందికో పైకో జరిగినప్పుడు ఎత్తులు కురచవుతాయి, అంతవరకూ దాగి ఉన్న లోతు బయటపడుతుంది. ఇలా ఒక అవయవం చూపు దిశకు వాలి కురచగా కనబడటాన్నే చిత్రకారులు ఫోర్‌షార్ట్‌నింగ్ అంటారు.

అందుకే ఉన్న బొమ్మనే పైన సన్నంగా, కింద వెడల్పుగా సాగదీస్తే పని జరగదు. సినిమా హాలు ముందు నిలబెట్టిన నలభై అడుగుల కటౌట్‌ను దాని కాళ్ల దగ్గర నిలబడి చూసినా హీరో గడ్డం కింది భాగం కనబడదు. ముఖం నొక్కుకుపోయినట్టు కనబడుతుందే తప్ప కొత్త తలమేదీ కంటికి అందదు. కాగితం మీద బొమ్మను సాగదీసినా అంతే.

మొదట తేల్చుకోవలసింది, చేతిలో ఉన్న ఫొటో ఏ ఎత్తు నుంచి తీశారన్నది. ‘ఎదురుగా’ తీసిందన్నంత మాత్రాన ప్రతి భాగాన్నీ ఎదురుగా చూసినట్టు కాదు. సమతలమైన నేల మీద తీసిన ఫొటోలో దిగంత రేఖ మనిషిని ఎక్కడ దాటుతుందో అదే కెమెరా ఎత్తు. గదిలో తీసినదైతే నేల పలకల గీతలను వెనక్కి పొడిగించినప్పుడు అవి కలుసుకునే చోటు ఆ ఎత్తును చూపిస్తుంది. కెమెరా నేలకు 150 సెంటీమీటర్ల ఎత్తున, మూడు మీటర్ల దూరంలో ఉందనుకుంటే ముఖం నిజంగానే ఎదురుగా పడుతుంది. పాదాలను మాత్రం అది దాదాపు 27 డిగ్రీల పై నుంచి చూస్తోంది. ఈ సంగతి గమనించనివారు పై నుంచి కనబడే ఆ పాదాలను అలాగే తెచ్చి లో యాంగిల్ బొమ్మకు అతికిస్తారు. అప్పుడు మనిషి నేల మీద నిలబడడు, జారిపోతున్నట్టుంటాడు.

తరువాతి మెట్టు పక్క చూపు గీసుకోవడం. ఇది పాత పద్ధతే. 15వ శతాబ్దంలో ఇటలీ చిత్రకారుడు పియరో డెల్లా ఫ్రాంచెస్కా పెర్‌స్పెక్టివ్ మీద రాసిన గ్రంథంలో తలను ఎదుటి నుంచీ పక్క నుంచీ పై నుంచీ గీసి, బిందువులను ఒకదాని నుంచి మరొకదానికి గీతలతో మోసుకెళ్లి, వంగిన తలను రాబట్టాడు. 1528లో అచ్చయిన ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ శరీర ప్రమాణాల గ్రంథంలోనూ ఈ దారి కనిపిస్తుంది. ఇప్పటికీ ఇంతకంటే నమ్మదగిన పద్ధతి లేదు.

ఒక ఉదాహరణ తీసుకుంటే, మనిషి ఎత్తు 170 సెంటీమీటర్లు. పదో వంతు కొలతలో కాగితం మీద 17 సెంటీమీటర్లు. ఫొటోలో నడినెత్తి, గడ్డం, మెడ గుంట, ఛాతీ అంచు, బొడ్డు, మోకాలు, చీలమండ ఉన్న ఎత్తుల్లో అడ్డగీతలు గీసి, వాటిని పక్కకు పొడిగించి, అదే ఎత్తుల మధ్య పక్క నుంచి కనబడే ఆకారం గీయాలి. లోతు కొలతలు శరీర నిర్మాణం తెలిసినవారికి చేతిలో ఉండేవే. తల ముందు నుంచి వెనక్కి సుమారు 19 సెంటీమీటర్లు, ఛాతీ 22 నుంచి 24, పాదం పొడవు 25 వరకు. ఇప్పుడు చూసేవాడి కన్ను మనిషికి ఒకటిన్నర మీటర్ల దూరంలో, నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకోవాలి. కాగితం మీద ఆ చోట ఒక చుక్క పెట్టి, అక్కడి నుంచి ఒక్కొక్క గుర్తుకు ఒక్కో గీత లాగాలి.

ఈ గీతలే అసలు విషయం చెబుతాయి. కన్ను ఒకటే అయినా ప్రతి భాగాన్నీ అది వేరే కోణంలో చూస్తోంది. మోకాలిని ఆరేడు డిగ్రీల కింది నుంచి, బొడ్డును 25 డిగ్రీల కింది నుంచి, నడినెత్తిని ఏకంగా 43 డిగ్రీల కింది నుంచి చూస్తోంది. పాదాలను మాత్రం 11 డిగ్రీల పై నుంచే చూస్తోంది, ఎందుకంటే కన్ను పాదం కంటే ఎత్తున ఉంది. కనుక లో యాంగిల్ బొమ్మలోనూ నేలమీద ఆనిన పాదం పైభాగమే కనబడాలి. అరికాలు కనబడాలంటే కాలు లేచి ఉండాలి. మోకాలి కింది భాగం ఫొటోలో ఉన్నట్టే దాదాపు వాడుకోవచ్చు. పైకి వెళ్లేకొద్దీ ఫొటో పనికిరావడం తగ్గుతుంది.

పాదానికి, నడినెత్తికి వెళ్లే గీతల మధ్య కోణాన్ని సగం చేస్తూ ఒక నడిగీత గీసి, దాని మీద కంటికి 10 సెంటీమీటర్ల దూరంలో లంబంగా మరో గీత గీస్తే అదే చిత్రతలం. చూపు గీతలు దాన్ని ఎక్కడెక్కడ కోస్తే బొమ్మలో ఆయా భాగాల ఎత్తులు అక్కడ. లెక్క చేస్తే మొత్తం బొమ్మ 10 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది. అందులో పాదం నుంచి మోకాలి దాకా మూడున్నర, తల ఒకటి కంటే కొంచెం ఎక్కువ. ఎదుటి చూపులో మోకాలి కింది భాగం తలకు రెండు రెట్లుంటే ఇక్కడ మూడు రెట్లు దాటింది. శరీరంలో సగంగా ఉన్న కాళ్లు బొమ్మలో నూటికి 57 వంతులు ఆక్రమించాయి. వెడల్పులకు దూరం చూడాలి. కంటికి పాదం 153 సెంటీమీటర్ల దూరంలో, నడినెత్తి 205 దూరంలో ఉన్నాయి కనుక పాదాల కొలతతో పోలిస్తే తల వెడల్పు ముప్పావు వంతుకు తగ్గుతుంది.

కొలతలు కుదిరాక గుండ్రనాలు చూసుకోవాలి. చేతి గాజును కంటికి సరిగ్గా ఎదురుగా అడ్డంగా పడుకోబెట్టి పట్టుకుంటే ఒక గీతలా కనబడుతుంది. పైకి ఎత్తితే దగ్గరి అంచు పైకి వంగిన విల్లవుతుంది, కిందికి దించితే ఆ వంపు తిరగబడుతుంది. చొక్కా అంచు, నడుము పట్టీ, చేతుల మడతలు, కనుబొమల వరస అన్నీ ఇలాంటి గాజులే. మన ఉదాహరణలో 30 సెంటీమీటర్ల ఎత్తున, అంటే పిక్క దగ్గర, గీత తిన్నగా ఉంటుంది. అక్కడి నుంచి పైకి పోయేకొద్దీ విల్లు లోతవుతుంది. ముఖం కొత్త కోణంలో ఉండి చొక్కా అంచు పాత ఫొటోలోలాగే తిన్నగా ఉండిపోతే తల వేరు, మొండెం వేరు అనిపిస్తుంది. కొత్తవారి బొమ్మల్లో ఎక్కువగా దొరికే తప్పు ఇదే.

ఇక శరీర నిర్మాణం. ఎదుటి నుంచి చూస్తే మెడ, ఛాతీ ఒకే నిట్టనిలువు గీత మీద ఉన్నట్టుంటాయి. పక్క నుంచి చూస్తే సంగతి వేరు. మెడ పైకి వెళ్తూ సుమారు 20 డిగ్రీలు ముందుకు వాలుతుంది, ఛాతీ ఎముక దాదాపు అంతే వెనక్కి వాలుతుంది. కింది నుంచి పైకి చూసే చూపుకు ఛాతీ ఎముక వాలు ఇంచుమించు తోడుగా పోతుంది, అందుకని అది గట్టిగా కురచవుతుంది. మెడ ఆ చూపుకు అడ్డంగా నిలుస్తుంది, కాబట్టి పొడవు పెద్దగా తగ్గదు. కింది చూపులో మెడ పొడవుగా, గొంతు ముడి స్పష్టంగా, ఛాతీ పొట్టిగా కనబడటానికి కారణం ఇదే. పై చూపులో ఈ లెక్క తలకిందులవుతుంది. ఛాతీ విప్పారుతుంది. మెడ సగానికి తగ్గి, ఆ మిగిలిందీ గడ్డం చాటుకు పోతుంది. అన్ని భాగాలనూ ఒకే నిష్పత్తిలో కుదించినవారికి ఈ తేడా చిక్కదు.

తలలో ఈ మార్పు మరీ దగ్గరగా కనబడుతుంది. చెవి ముఖానికి సుమారు 10 సెంటీమీటర్లు వెనక ఉంటుంది. ఎదుటి నుంచి చూస్తే అది కనుబొమకూ ముక్కు అడుగుకూ మధ్య కూర్చుంటుంది. 40 డిగ్రీల కింది నుంచి చూస్తే వెనక ఉన్నవన్నీ కిందికి దిగుతాయి. చెవి ఆరు సెంటీమీటర్లకు పైగా దిగితే, ముక్కు అడుగు నుంచి గడ్డం దాకా ఉన్న దూరం కురచై ఐదు సెంటీమీటర్ల చిల్లరే అవుతుంది. అంటే చెవి తమ్మె గడ్డం వరసకు చేరుతుంది. ముక్కు కొన ముందుకు ఉంది కనుక కళ్ల వైపు లేస్తుంది, ముక్కు రంధ్రాలు తెరుచుకుంటాయి. నుదురు చిక్కిపోతుంది. దవడల మధ్య గొంతు దాకా ఉన్న ముక్కోణపు తలం మొదటిసారి బయటపడుతుంది. ఫొటోలో లేని ఆ తలాన్ని గీయడం మరచి, గడ్డం గీతకే నేరుగా మెడ అతికిస్తే మిగతా ముఖం ఎంత బాగా కుదిరినా నమ్మకం కలగదు.

పై చూపుకు మెట్లన్నీ ఇవే. కన్ను నాలుగున్నర మీటర్ల ఎత్తున, ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉందనుకుంటే, అంటే మేడ మీద పిట్టగోడ నుంచి వంగి చూస్తున్నట్టు, నడినెత్తిని 62 డిగ్రీల పై నుంచి చూస్తోంది. 23 సెంటీమీటర్ల తల ఎత్తు 11కు కుంగుతుంది, 19 సెంటీమీటర్ల లోతు మాత్రం 17 దాకా కనబడుతుంది. కనుక బొమ్మలో ముఖం కంటే మాడే పెద్దది. ముక్కు కొన పై పెదవిని కప్పుతుంది, చెవులు నుదుటి వైపు లేస్తాయి. భుజాలు తల వెనక నుంచి ఇరువైపులా పరుచుకుంటాయి. పాదాలు తల కొలతలో మూడింట రెండు వంతులకు తగ్గుతాయి. ఇక్కడ నమ్మకం కలిగించేది ఏది దేన్ని కప్పిందన్నదే. గడ్డం మెడను, ఛాతీ పొట్టను, పొట్ట తొడలను కొంత కొంత కప్పుకుంటూ పోవాలి.

లెక్కను ఎంతవరకు పాటించాలన్నది చిత్రకారుడి నిర్ణయం. కన్ను మనిషికి మరీ దగ్గరైతే లెక్క సరైనదే అయినా పాదాలు వికృతంగా ఉబ్బుతాయి. మాంటెన్యా గీసిన ‘మృత క్రీస్తు’ మిలాన్‌లోని బ్రేరా చిత్రశాలలో ఉంది. పాదాల వైపు నుంచి చూసిన ఆ బొమ్మలో పాదాలు లెక్క ప్రకారం ఉండవలసిన దానికంటే చిన్నవి, తల పెద్దది. ముఖం మీది బాధ పాదాల చాటున పడిపోకుండా ఆయన లెక్కను సడలించినట్టు కనబడుతుంది. దూరం పెంచడం ఇంతకంటే సులువైన ఉపాయం. అదే 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, నాలుగు మీటర్ల దూరాన చూస్తే నడినెత్తి కోణం 43 నుంచి 19 డిగ్రీలకు పడిపోతుంది.

వెలుగు విషయంలోనూ ఒక జాగ్రత్త కావాలి. కెమెరా జరిగింది కానీ దీపం జరగలేదు. ఫొటోలో పై నుంచి పడిన వెలుగు కొత్త బొమ్మలోనూ పై నుంచే పడుతుంది కనుక, కొత్తగా బయటపడిన గడ్డం కింది తలం నీడలోనే ఉండాలి.

చూపు 20, 25 డిగ్రీలు మారే వరకు ఒక్క ఎదుటి ఫొటోతో నెట్టుకు రావచ్చు. 45 డిగ్రీలు దాటితే ఆ ఫొటో బట్టలకు, రంగులకు, ముఖం పోలికకు మాత్రమే ఆధారం. లోతు కోసం అదే మనిషిని పక్క నుంచి తీసిన మరో ఫొటో దగ్గర పెట్టుకోవాలి.