పాత ఉద్యోగం వదిలాక కొత్త ఆఫర్ రద్దయితే

హైదరాబాద్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు 60 లేదా 90 రోజుల నోటీసు అడుగుతాయి. రాజీనామా ఇచ్చిన మనిషి అన్ని రోజులూ పాత చోటే పనిచేయాలి. కొత్త కంపెనీ తన మాట నిలుపుకోవలసింది రెండు మూడు నెలల తర్వాత. ఈలోగా వాళ్ల ప్రాజెక్టు ఆగిపోవచ్చు, పైవాళ్లు నియామకాలు నిలిపివేయవచ్చు. అప్పుడు రెండు వాక్యాల మెయిల్ ఒకటి వస్తుంది: ఆఫర్‌ను ఉపసంహరించుకుంటున్నాము.

మా దగ్గర పదో తరగతి చదివిన ఒక అబ్బాయికి ఇదే జరిగింది. పాత జీతం నెలకు 38,000, కొత్తది 52,000. నోటీసు 60 రోజులు. 43వ రోజు రాత్రి ఆ మెయిల్ వచ్చింది. ఇంట్లో చెల్లెలి పెళ్లి అప్పు వాయిదాలు నడుస్తున్నాయి. తెల్లవారాక వాళ్ల నాన్నగారితో కలిసి మా ఇంటికి వచ్చాడు. "సార్, కేసు వేస్తే ఆ ఉద్యోగం ఇప్పిస్తారా?" అన్నది అతని మొదటి ప్రశ్న.

మాకు తెలిసిన న్యాయవాది ఒకరికి కాగితాలు చూపించాము. ఆయన చెప్పింది మన ఇళ్లలో అందరూ తెలుసుకోవలసిన సంగతి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, అవతలివాళ్లు అంగీకారం పంపేవరకే ఆఫర్‌ను వెనక్కి తీసుకునే వీలుంది. ఈ అబ్బాయి సంతకం చేసి పంపాడు కనుక అది ఒప్పందమే. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఒప్పందం తప్పినట్టు, నష్టపరిహారం అడగవచ్చు. అయితే ఇష్టంలేని ప్రైవేటు యజమాని చేత బలవంతంగా ఉద్యోగం ఇప్పించడం కోర్టులు సాధారణంగా చేయవు. దొరికేది డబ్బే, అదీ కొద్దిగానే.

ఎందుకు కొద్దిగానే? ఆ అబ్బాయి ఆఫర్ లెటర్ మూడో పేజీలో, ప్రొబేషన్‌లో ఉండగా ఏ పక్షమైనా 15 రోజుల నోటీసుతో ఉద్యోగం ముగించవచ్చని ఉంది. అతను చేరిన మర్నాడే తీసేసినా కంపెనీ ఇవ్వవలసింది 15 రోజుల జీతమే. కనుక చేరకముందు తప్పినందుకు కూడా నష్టాన్ని దాదాపు అంతకే లెక్కగడతారు. 52,000లో సగం, 26,000. పాత ఉద్యోగం పోయిందన్న బాధకు ఈ లెక్కలో చోటు లేదు. మాకు ఇది న్యాయంగా అనిపించలేదు గాని, లెక్క అదే. సర్టిఫికెట్ల పరిశీలన, మెడికల్ పరీక్ష వంటి షరతులకు లోబడి ఆఫర్ ఇస్తున్నామని రాసి, ఆ షరతు నిజంగానే తప్పితే ఆ మొత్తం కూడా రాదు. ఇతని మెయిల్‌లో కారణం "వ్యాపార అవసరాలు" అని మాత్రమే ఉంది. అది అతనికి కలిసొచ్చింది.

ఇలాంటప్పుడు అసలు విలువైనది కోర్టు కాదు, నోటీసులో మిగిలిన రోజులు. అతనికి ఇంకా 17 రోజులున్నాయి. ముందు తేదీతో ఇచ్చిన రాజీనామాను, ఆ తేదీ రాకముందు సాధారణంగా వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1978లోనే చెప్పింది. అది ఒక హైకోర్టు న్యాయమూర్తి రాజీనామా వ్యవహారం. ప్రైవేటు కంపెనీ ఒకసారి రాజీనామా ఆమోదించాక, ఒప్పుకోవడం ఎక్కువగా వాళ్ల చేతిలోనే ఉంటుంది. అయినా అడగాలి, రాతపూర్వకంగా అడగాలి, ఆ రోజే అడగాలి. సిగ్గుపడి వారం ఆగితే ఆ కుర్చీలోకి మరొకరు వస్తారు.

ఇతని కుర్చీలోకి అప్పటికే మనిషి వచ్చేశాడు. మేనేజర్ రాజీనామాను రద్దు చేయలేనన్నాడు గాని, కొత్తవాడికి పని నేర్పించే పేరుతో చివరి తేదీని 30 రోజులు ముందుకు జరిపాడు. మంచి మనిషి. ఆ 30 రోజుల జీతమే ఇంటిని నిలబెట్టింది. పైగా ఇంటర్వ్యూలకు వెళ్లినప్పుడు "ప్రస్తుతం పనిచేస్తున్నాను" అని నిజంగానే చెప్పగలిగాడు.

అదే రోజు కొత్త కంపెనీకీ మర్యాదగా ఒక మెయిల్ పెట్టించాము. ఆఫర్ తేదీ, అంగీకరించిన తేదీ, రాజీనామా ఇచ్చిన తేదీ వరుసగా రాసి, చేరే తేదీని వాయిదా వేయడం గాని వేరే విభాగంలో తీసుకోవడం గాని వీలవుతుందా, కాకపోతే పరిహారం ఎంత ఇస్తారు అని అడిగాడు. ఆఫర్ లెటర్, రాజీనామా ఆమోదం, కొత్త కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు "త్వరగా రాజీనామా చేయండి" అని పంపిన వాట్సాప్ సందేశం జతచేశాడు. ఆఫీసు మెయిల్ పెట్టె చివరి రోజున మూతపడుతుంది కనుక అన్నింటికీ ముందే సొంతంగా ప్రతులు తీసిపెట్టుకున్నాడు. మొదట జవాబు లేదు. రెండుసార్లు గుర్తుచేశాక, ఆ తర్వాత వకీలు నోటీసు వెళ్లాక, 26,000 ఖాతాలో పడ్డాయి. ఇకపై ఏ క్లెయిమూ లేదని సంతకం అడిగారు, పెట్టాడు.

పొడిగించిన గడువు ఇంకా ఆరు రోజులుందనగా 44,000కు వేరే చోట ఉద్యోగం దొరికింది. ఈసారి ఆఫర్ లెటర్‌ను మూడో పేజీతో సహా వాళ్ల నాన్నగారికి చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకం చేశాడు.